ఈ 46,800 రూపాయలు పంపినది మీరేనా?

మాది విజయవాడలో ఎలక్ట్రికల్ వైరింగ్ పనులు చేసే చిన్న సంస్థ. గత వారం మా కరెంట్ ఖాతాలో నెఫ్ట్ ద్వారా 46,800 రూపాయలు జమయ్యాయి. బిల్లు నంబరు లేదు. పంపినవారి పేరు స్టేట్‌మెంట్‌లో ‘శ్రీ వెం’ దగ్గరే తెగిపోయింది. మన దగ్గర ఆ పేరుతో మొదలయ్యే దుకాణాలు వీధికి రెండుంటాయి!

ఆ మొత్తానికి సరిపోయే బిల్లు మాత్రం ఉంది. 40,000 పనికి 18 శాతం జీఎస్టీ 7,200 కలిపి, పని విలువపై ఒక శాతం టీడీఎస్ 400 తీసేస్తే సరిగ్గా 46,800. చిక్కేమిటంటే, అంతే మొత్తానికి ఇద్దరికి బిల్లులిచ్చాం. పొరపాటున ఒకరి బాకీ ఇంకొకరి పేరిట కొట్టేస్తే తగవే. టీడీఎస్ వివరాలు ఆదాయపు పన్ను పోర్టల్‌లో మాకు కనిపించాలంటే త్రైమాసికం ముగిసి, డబ్బు పంపినవారు టీడీఎస్ రిటర్ను వేయాలి. అందాకా ఆగలేను.

పంపినది మీరైతే బిల్లు నంబరు, బ్యాంకు ఇచ్చే యూటీఆర్ లావాదేవీ నంబరులోని చివరి నాలుగు అంకెలు సందేశంలో తెలపగలరా? పూర్తి యూటీఆర్‌ను సరిచూసుకోవడానికే ఇక్కడ రాయలేదు. పొరపాటున పంపి ఉంటే మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు వచ్చిన ఖాతాకే తిరిగి పంపుతాను, ఫోనులో చెప్పే వేరే ఖాతాకు కాదు.