వసుధను ఐదుకు తేవడం ఎలా?

పాప మేనమామ: మా చెల్లెలికి ఈ నెల 14న ఆడపిల్ల పుట్టింది. రోహిణి నక్షత్రం, కాబట్టి ఓ, వా, వీ, వూ అక్షరాలు. నాయనమ్మ పేరు వసుంధర. ఆ పేరులోని ‘వసు’ నిలవాలని అత్తవారి కోరిక. అందరికీ ‘వసుధ’ నచ్చింది. 14 అంటే ఐదు కనుక పేరు కూడా ఐదుకు రావాలని సంఖ్యాశాస్త్రం చూసే ఆయన అన్నారు. VASUDHA కూడితే 26, అంటే ఎనిమిది. అందుకని VASUUDHA అని రాయమన్నారు. తెలుగులో ఇది సరేనా?

లెక్కల కుర్రాడు: 26 ఎలా వచ్చిందండీ? A ఒకటి, B రెండు అని వరుసగా తొమ్మిది దాకా వేసి, J నుంచి మళ్లీ ఒకటితో మొదలుపెడితే VASUDHA 22, అంటే నాలుగు. మీ ఆయన కూడిక తప్పినట్టున్నారు.

వ్యాకరణం మాస్టారు: కూడిక తప్పలేదు బాబూ, పట్టిక వేరు. నువ్వు చెప్పింది పైథాగరస్ పేరుతో నడిచేది. మన దగ్గర ఎక్కువమంది కీరో ప్రచారం చేసిన కాల్డియన్ పట్టిక వాడతారు. అందులో అక్షరాలు వరుసగా రావు, ఏ అక్షరానికీ తొమ్మిది ఉండదు. V 6, A 1, S 3, U 6, D 4, H 5, A 1. మొత్తం 26. ఏ పట్టిక అన్నది ముందే తేల్చుకోకపోతే ఇద్దరిని అడిగి రెండు పేర్లతో ఇంటికి వస్తారు.

ఇక అసలు ప్రశ్న. ఐదు రావాలంటే 26ను 32 చేయాలి, అంటే ఆరు కలపాలి. ఆ పట్టికలో ఆరు విలువ ఉన్నవి U, V, W మాత్రమే. అందుకే ఆయన చేయి U మీద పడింది. కానీ రెండు U లు చూసిన టీచరు ‘వసూధ’ అని పిలుస్తుంది, దానికి అర్థం లేదు. ఒకటీ ఐదూ కలిపి VASUDHAAH అన్నా 32 వస్తుంది. అది ‘వసుధాః’, సంస్కృతంలో బహువచనం. ఒక్క పిల్లకు అన్ని భూములెందుకు!

భక్తురాలు: రోహిణిలో పుడితే మేనమామకు గండమంటారు. ముందు శాంతి చేయించండి, పేరు తర్వాత చూడవచ్చు.

పాప మేనమామ: ఆ మేనమామను నేనేనమ్మా, నా పాట్లు నేను పడతాను. మాస్టారూ, H తీసేస్తే?

వ్యాకరణం మాస్టారు: VASUDA 21, అంటే మూడు. ఐదు రాదు, పైగా అది ‘వసుద’ అవుతుంది. సంపదనిచ్చేది అనే మంచి అర్థమే ఉన్నా మీరు కోరిన పేరు కాదు. స్పెల్లింగును గుంజడం మాని, అదే ‘వసు’తో మొదలయ్యే వేరే పేరు చూడండి. లక్ష్మీ అష్టోత్తరంలో వసుంధర ఉంది, వసుధ ఉంది, ‘వరలక్ష్మీం వసుప్రదామ్’ అని వసుప్రద కూడా ఉంది. VASU వరకు 16, PRADA మరో 16. మొత్తం 32. ఒక్క అక్షరం కూడా అదనంగా చేర్చలేదు, నాయనమ్మ ‘వసు’ నిలిచింది.

కాకినాడ అత్తయ్య: మా మనవడి విషయంలోనూ ఇంతే. KARTHIK 17, ఎనిమిది వచ్చింది. స్పెల్లింగులో అక్షరాలు పెంచమన్నారు, మేం ఒప్పుకోలేదు. పూర్తి పేరు KARTHIKEYA పెడితే 24, వాళ్లు కోరిన ఆరు కుదిరింది. బడిలో మాత్రం అందరూ కార్తీక్ అనే పిలుస్తారు. పిలిచే పేరుకే ఫలమంటారు మరి కొందరు!

లెక్కల కుర్రాడు: మాస్టారూ, తెలుగువాళ్లం ‘ద’కు DH రాస్తాం కదా. PRADA చూస్తే ‘ప్రడ’ అని చదవరా? H చేరిస్తే 37, అంటే ఒకటి. మళ్లీ మొదటికొచ్చాం.

వ్యాకరణం మాస్టారు: SHARADAను ఎవరైనా ‘శారడ’ అంటున్నారా? అయినా నీ సందేహం కొట్టిపారేయలేను. హైదరాబాదు దాటితే చదివేవాళ్లు మారతారు. ఇంటిపేరు అక్షరం కలపాలా వద్దా అన్నదీ సంఖ్యాశాస్త్రం చూసేవాళ్లలోనే తేలలేదు. ముందు K ఉంటే VASUDHAకే 28, అంటే ఒకటి.

భక్తురాలు: ఇంగ్లీషు అక్షరాలకు విలువలు కట్టి తెలుగు పిల్లకు పేరేమిటి? మనకు కటపయాది లేదా?

వ్యాకరణం మాస్టారు: ఉందమ్మా. వ 4, స 7, ధ 9, కుడి నుంచి చదివితే 974. కానీ అది అంకెలను మాటల్లో దాచుకునే పద్ధతి. మేళకర్త రాగాల సంఖ్యలు అలాగే తెలుస్తాయి. బారసాలలో దానితో పేరు తేల్చడం నేను చూడలేదు.

పాప మేనమామ: వసుప్రద మా చెల్లెలికి నచ్చింది. బావగారు మాత్రం పిలవడానికి బరువుగా ఉందంటున్నారు. బారసాల ఎల్లుండి.

కాకినాడ అత్తయ్య: ఎల్లుండి బియ్యంలో వసుధ అనే రాయండి నాయనా. జనన నమోదులో పేరు ఏడాదిలోపు రుసుము లేకుండానే చేర్చుకోవచ్చు, ఆలోగా మీ బావగారి సంగతి తేలుతుంది. నమోదు చేసేటప్పుడు మాత్రం తెలుగులో ఏమి రాశారో మీరే చదువుకోండి. మా వాడికి ‘కార్తికేయ’లో దీర్ఘం పెట్టి పంపారు.