“నెలవంక మెల్లగా పైకి లేస్తుంది” అనే వాక్యంలో తప్పెక్కడ ఉంది?

ప్రశ్న (కావలి నుండి): నాలుగేళ్ల మా మనవరాలికి నిద్రవేళ చెప్పే కథ కోసం 8 సెకన్ల బొమ్మల వీడియో చేయాలని, వీడియోలు తయారుచేసే ఏఐ పరికరానికి తెలుగులోనే ఈ ప్రాంప్టు ఇచ్చాను: “కథల పుస్తకంలోని బొమ్మలా, మైపాడు సముద్రం మీద చల్లని నెలవంక మెల్లగా పైకి లేస్తుంది, పాప నిద్రపోతుంది.” మూడుసార్లు చేయించినా, చంద్రుడు రెండు సెకన్లలో బుడగలా పైకి ఎగిరిపోయాడు. నాలుగోసారి “నెలవంక” తీసి “చందమామ” అని రాస్తే మీసాలున్న ముఖం వచ్చింది, దానిని చూసి పాప జడిసింది. “మెల్లగా” అనే మాట ఇక్కడ సరిపోదా?

గూడూరు నుండి ఒకరు: సరిపోదండీ. “మెల్లగా” అనేది గొంతుకు సంబంధించిన మాట, “మెల్లగా మాట్లాడు” అంటాము కదా. కదలికకు మన నెల్లూరు వైపు “నిదానంగా” అనే అంటారు. ఆ ఒక్క మాట మార్చండి, చాలు.

ఒంగోలు నుండి, పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడు: గూడూరు వారు చెప్పినదానిలో సగం నిజముంది. “మెల్లగా” గొంతుకూ వాడతాము, “మెల్లగా నడువు, జారుతుంది” అని నడకకూ వాడతాము. కాబట్టి మాట తప్పు కాదు, అది ఒంటరిగా ఉండడమే ఇబ్బంది. ఎంత మెల్లగా అన్నది మనిషికి ఊహకు అందుతుంది. పరికరానికి మాత్రం “పైకి లేస్తుంది” అనే క్రియే బలంగా తగులుతుంది, ఇచ్చిన 8 సెకన్లలోనే ఆ లేవడాన్ని పూర్తి చేయాలని చూస్తుంది.

ఆకాశంలో చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి సుమారు 2 నిమిషాలు పడుతుంది. అంటే 8 సెకన్లలో ఆ వెడల్పులో పదిహేనో వంతు మాత్రమే జరుగుతాడు, అది కంటికి ఆనదు. అందువల్ల చంద్రుణ్ణి కదిలించవద్దు. “చంద్రుడు ఉన్నచోటనే ఉంటాడు” అని స్పష్టంగా రాసి, కదలికను ఒక్క మబ్బుకు ఇవ్వండి. మబ్బు ఎక్కడ బయలుదేరి ఎక్కడ ఆగుతుందో చెబితే, వేగం దానంతట అదే తగ్గుతుంది.

ఇక నెలవంక విషయం. అమావాస్య తరువాత విదియ, తదియ నాళ్లలో నెలవంక పడమట కనబడి, పొద్దుగూకిన కొద్ది గంటలలోనే అస్తమిస్తుంది. కృష్ణపక్షం చివర కనబడే వంక తెల్లవారుజామున గాని ఉదయించదు. మనకు సముద్రం తూర్పున ఉంది గనుక, పాప పడుకునే వేళకు మైపాడు నీటి మీద నెలవంక లేవడం జరగని పని, అక్కడ ఉండవలసినది పున్నమి చంద్రుడు. నెలవంకే కావాలంటే చెరువు గట్టుకు పడమటగా పెట్టి, “కిందికి వాలి ఉంది” అని రాయండి. మాఘ ఫాల్గుణాలలో మన ఊళ్ల నుండి చూస్తే అది దాదాపు పడవలా వెల్లకిలా ఉంటుంది, పుస్తకాల బొమ్మలలో వలె నిటారుగా నిలబడదు.

చీమకుర్తి నుండి ఒక తల్లి: మా బాబు “నెలవంక” అంటే ఏమిటని అడుగుతాడు, “జాబిల్లి” అంటే వెంటనే కిటికీ వైపు చూస్తాడు. పిల్లలకు వినిపించే కథలో జాబిల్లి అనే మాట ఉండడమే మంచిదని నా అభిప్రాయం.

ఒంగోలు ఉపాధ్యాయుడు: అమ్మా, మీరు చెప్పినది కథ చదివే గొంతుకు సరిగ్గా వర్తిస్తుంది, పరికరానికి రాసే వాక్యం పాప వినదు. అయితే మీ మాటలో కావలి వారికి పనికివచ్చేది ఒకటి ఉంది. “చందమామ”లో మామ ఉన్నాడు, “జాబిల్లి”లో బంధుత్వం లేదు. మీసాల ముఖానికి కారణం అదే అయివుండవచ్చు, కాని నేను రూఢిగా చెప్పలేను. ఏ మాట రాసినా “చంద్రునికి ముఖం లేదు” అని చేర్చడం క్షేమం.

కావలి: మాస్టారూ, మీరు చెప్పినట్టే తిరగరాశాను: “నీటిరంగులతో, గరుకు కాగితం మీద వేసిన కథల పుస్తకపు బొమ్మ. రాత్రి సముద్రం మీద, ఆకాశంలో సగం ఎత్తున నిండు చంద్రుడు ఉన్నచోటనే ఉంటాడు, అతనికి ముఖం లేదు. ఒక పలుచని మబ్బు చంద్రుని ఎడమ అంచు దగ్గర బయలుదేరి, చివరకు మధ్యకు చేరుతుంది. కిటికీ దగ్గర పడుకున్న పాప దుప్పటి శ్వాసకు రెండుసార్లు మాత్రమే పైకి లేచి దిగుతుంది. చూసే కోణం మారదు.” ఇప్పుడు చంద్రుడు నిలిచాడు, మబ్బు కూడా బాగా వచ్చింది. నీటి మీద పడిన వెలుగు మాత్రం ఇంకా మిణుకుమిణుకుమని తొందరపడుతోంది, ఎందుకంటే దానిని ఏమని పిలవాలో తెలియక నేను రాయనే లేదు.

గూడూరు: “వెన్నెల చార” అని రాసి, “చెదరదు” అని చేర్చండి.

చీమకుర్తి: చార అంటే మా ఇంట్లో గోడ మీది మరక గుర్తుకు వస్తుందండీ. “వెన్నెల బాట” అంటే పాపకు కూడా అర్థమవుతుంది.

ఒంగోలు ఉపాధ్యాయుడు: బాట అని రాస్తే అది నిజంగా నీటి మీద ఒక దారిని గీసే ప్రమాదం ఉంది. రెండూ రాసి చూడండి, ఏది ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పండి.