తిరుపతి: రీల్స్‌కి యాత్రికులే వస్తున్నారు, ఊరివాళ్ళు రావట్లేదు

బైరాగిపట్టెడలో ఇంట్లోనే రాగిసంగటి, ఊరిబిండి, నాటుకోడి పులుసు చేసి 3 కిలోమీటర్ల లోపల డెలివరీ ఇస్తున్నాం. అంతకు మించి పోతే సంగటి ముద్ద గట్టిపడిపోతుంది.

ముద్ద తిప్పే 20 సెకన్ల రీల్‌ని మ్యాప్‌లో ఇంటి దగ్గర పిన్ పెట్టి, అదే దూరానికి ప్రమోట్ చేశాను. ఆర్డర్లు వచ్చాయి, కానీ ఎక్కువ అడ్రస్‌లు బస్టాండ్, స్టేషన్ పక్క లాడ్జీలవే! దర్శనం చేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు మళ్ళీ ఎందుకు ఆర్డర్ చేస్తారు?

పిన్‌ని కొర్లగుంట వైపు జరిపాను, రీల్‌లో చిత్తూరు యాసలో మాట్లాడాను, డబ్బాతో వాట్సాప్ నంబర్ చీటీ పంపాను. పెద్దగా తేడా లేదు. యాడ్ సెట్టింగుల్లో స్థానికుల్ని, వచ్చిపోయేవాళ్ళని విడదీసే ఆప్షన్ కూడా కనిపించలేదు.

ఇలాంటి యాత్రాస్థలంలో, అదే 3 కిలోమీటర్లలో కాపురముండేవాళ్ళకే రీల్ చేరాలంటే మీరైతే ఏం మారుస్తారు?