హాకీ పెనాల్టీ కార్నర్: మట్టి గ్రౌండులో హిట్టా, డ్రాగ్ ఫ్లిక్కా?

డీ_అంచున: మా అండర్-17 జట్టుకి పెనాల్టీ కార్నర్లు బాగానే వస్తున్నాయి, గోల్సే పడట్లేదు. కోచ్ గారు డ్రాగ్ ఫ్లిక్ తప్ప ఇంకోటి వద్దంటారు. మాది మట్టి గ్రౌండు. హిట్ కొడితే ఏం పోతుంది?

పాత_ఫుల్‌బ్యాక్: ఏమీ పోదు, కొట్టించండి. డ్రాగ్ ఫ్లిక్‌లో బంతి స్టిక్‌ని అంటుకునే ఉండాలి. కుడికాలి దగ్గర అందుకుని, కర్ర వంపు మీద ఈడ్చుకుంటూ వచ్చి, ఎడమకాలు బాగా ముందుకు వేసి, నడుం తిప్పాక వదలాలి. మట్టి మీద ఆ ఈడుపులోనే చిన్న గులకరాయి తగిలి బంతి ఎగురుతుంది, స్టిక్ ఒక్కటే ముందుకు పోతుంది. మీవాళ్ల ఫ్లిక్కులు బలం లేకుండా గోలీ ప్యాడ్ల మీదికే పోతుంటే కారణం అదే. హిట్‌కి బంతితో పని ఒక్క క్షణమే. గోల్ పక్క గీత నుంచి తోసిన బంతిని స్టాపర్ కదలకుండా ఆపితే చాలు.

టర్ఫ్_బుజ్జి: ఆ హిట్ గోల్‌లో కింద ఉండే బోర్డు ఎత్తు దాటిందా, గోల్ ఇవ్వరు. 460 మి.మీ. అంతే. ఎవరికి తగిలి పైకి లేచినా ఇవ్వరు. ఫ్లిక్‌కి ఆ బాధ లేదు, పైమూలకి వేసుకోవచ్చు. మీ మట్టిలో హిట్ కిందనే పోతుందని గ్యారంటీ ఏంటి సార్?

పాత_ఫుల్‌బ్యాక్: ఎవరికి తగిలినా ఇవ్వరన్నది తప్పు బాబూ. బోర్డు ఎత్తులోనే పోతున్న హిట్, డిఫెండర్ స్టిక్‌కో కాలికో తగిలి పైకి లేచి లోపల పడితే గోలే. తగలకముందు ఏ ఎత్తులో పోతోందన్నదే లెక్క.

టర్ఫ్_బుజ్జి: మా మ్యాచ్‌లో ఇవ్వలేదు మరి.

పాత_ఫుల్‌బ్యాక్: అంపైర్‌ని అడగాల్సింది.

గోల్‌కీపర్_అమ్మ: హిట్ అసలు కొట్టకూడదు కదండీ? మా పాప గోలీ, పుష్ గానీ ఫ్లిక్ గానీ స్కూప్ గానీ అనే చెప్పారు.

డీ_అంచున: అది పెనాల్టీ స్ట్రోక్ అండీ, 6.40 మీటర్ల నుంచి ఒక్కరే వేసేది. నేనడిగింది కార్నర్.

లెఫ్ట్_హాఫ్: స్కూప్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఒక టోర్నీలో వాళ్లు ముందుకొచ్చి నేల మీద దారులన్నీ మూసేశారు. మా సగంలో ఫ్రీ హిట్. పుష్ చేస్తే దగ్గరివాడే లాక్కుంటాడు, హిట్ కొడితే మధ్యలో ఎవరో ఆపుతారు. అందుకే బంతి కింద స్టిక్ పెట్టి వాళ్ల తలల మీదుగా అవతలి అంచుకి లేపాను. అక్కడ మావాడు ఒక్కడే ఉన్నాడు. బంతి దిగకముందే ఇద్దరు మీద పడ్డారు. 5 మీటర్ల దూరం ఉండాలి కదా? విజిల్ రాలేదు. తర్వాతి మ్యాచ్‌కి బెంచీ మీద కూర్చోబెట్టారు నన్ను.

టర్ఫ్_బుజ్జి: దీనికీ కార్నర్‌కీ ఏంటన్నా సంబంధం?

లెఫ్ట్_హాఫ్: సంబంధం ఉంది. ఏ దెబ్బ ఎప్పుడు వేయాలో ఆటగాడికి వదలరు, అదీ బాధ.

పాత_ఫుల్‌బ్యాక్: బుజ్జీ, ఫ్లిక్ అంటే పైమూలేనా? టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా మీద మన అమ్మాయి గుర్జీత్ వేసిన ఫ్లిక్ కిందనే పోయింది, 1-0 గెలిచాం. ఫ్లిక్ గొప్పతనం ఎత్తు కాదు, ఎటు వేస్తారో చివరిదాకా తెలియకపోవడం. హిట్‌కి స్టిక్ వెనక్కి ఎత్తగానే గోలీ పక్కకి పడుకునేస్తాడు. ఇది ఒప్పుకుంటా. మరి మట్టి మీద బంతి జారిపోతుంటే ఆ దాపరికం ఎందుకు?

టర్ఫ్_బుజ్జి: మీ కాలం వేరు సార్. ఊరికే మట్టి, మట్టి అంటే పిల్లలు అక్కడే ఉండిపోతారు. సెలక్షన్ టర్ఫ్ మీద జరుగుతుంది, కార్నర్‌కి ఎవర్నైనా డ్రాగ్ ఫ్లిక్ వేయమనే అడుగుతారు. నాకు హిట్ బ్రహ్మాండంగా వచ్చేది. ట్రయల్స్‌లో ఒక్కసారి కూడా కొట్టనివ్వలేదు.

పాత_ఫుల్‌బ్యాక్: అదీ అసలు సంగతి. ముందే చెప్పొచ్చుగా! నువ్వు సెలక్షన్ గురించి మాట్లాడుతున్నావు, నేను ఆదివారం మ్యాచ్ గురించి. కానీ పదహారేళ్ల పిల్లాడితో గరుకు నేల మీద రోజూ వందలకొద్దీ ఫ్లిక్కులు వేయిస్తే నడుం ఏమవుతుందో ఆ సెలెక్టర్లు చూడరు.

టర్ఫ్_బుజ్జి: వందలు వేయించమని నేనన్నానా?

డీ_అంచున: ఇద్దరూ ఆగండి. ఆదివారం మ్యాచ్ ఉంది, ఏం చేయమంటారు?

పాత_ఫుల్‌బ్యాక్: మొదటి రెండు కార్నర్లు హిట్. అప్పటికి గోల్ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చే వాళ్ల రన్నర్ నేరుగా హిట్టర్ మీదికి రావడం అలవాటవుతుంది. మూడోదానికి అదే ఊపు చూపించి, ఎడమపక్క నిలబడ్డవాడికి మెల్లగా పుష్ చేయించండి, అతను కొడతాడు. బంతి గోల్ ముందున్న డీ గీత బయటికి వచ్చాకే లోపలికి తేవాలని మాత్రం మర్చిపోవద్దు.

టర్ఫ్_బుజ్జి: నాలుగోది ఫ్లిక్ పెట్టండి. రన్నర్ దగ్గరికి వచ్చేశాక మాత్రం వద్దు, 5 మీటర్లలోపు మోకాలికో ఆ పైనో తగిలితే ఫ్రీ హిట్ వాళ్లకే.

డీ_అంచున: కోచ్ గారిని ఒప్పించేది ఎవరు?

లెఫ్ట్_హాఫ్: నన్ను అడగొద్దు 🙏