"కుజుడు వక్రించాడు": వెనక్కి నడిచాడనా, వంకర తిరిగాడనా?

ప్రూఫ్ చూసే పని నాది: ఒక పిల్లల పుస్తకం చేతికొచ్చింది. రచయిత "2024 డిసెంబరు 7న కుజుడు వక్రించాడు" అని రాశారు. సంపాదకులు "వక్రించాడు" కొట్టేసి "తిరోగమనం మొదలుపెట్టాడు" అని మార్చారు. వక్రం అంటే వంకర కదా, వెనక్కి వెళ్ళడం అనే అర్థం ఎలా వచ్చింది? "విధి వక్రించింది" అంటాం, అక్కడ విధి వెనక్కేమీ నడవదు. ఏ మాట ఉంచాలో చెప్పండి.

సిరి వాళ్ళ అమ్మ: మా అమ్మాయి జాతకంలో కుజుడు పక్కన "వ" అని చిన్నగా రాసి ఉంది. సంబంధం వాళ్ళు అది దోషమంటున్నారు. మీరనే వక్రం అదేనా అండీ?

ప్రూఫ్ చూసే పని నాది: అమ్మా, ఆ "వ" వక్రానికే అయ్యుంటుంది. దోషం సంగతి మాత్రం ఈ గుంపులో తేలేది కాదు. నేనడిగింది మాట గురించి.

రిటైర్డ్ సంస్కృతం పంతులు: సూర్యసిద్ధాంతం స్పష్టాధికారంలో ఒక శ్లోకం ఉంది.

వక్రానువక్రా కుటిలా మందా మందతరా సమా
తథా శీఘ్రతరా శీఘ్రా గ్రహాణామష్టధా గతిః

గ్రహాల నడకలు ఎనిమిదని లెక్క. మొదటి మూడు వక్రజాతివి, మిగిలిన అయిదూ ఋజువులని తర్వాతి శ్లోకమే విడదీస్తుంది. "వక్రాతివక్రా వికలా" అని పాఠాంతరం కూడా ఉంది. గమనించండి, వక్రానికి అక్కడ జోడీ "ముందుకు" కాదు, "ఋజువు", అంటే తిన్నగా. ఇక "తిరః" అంటే అడ్డంగా, చాటుగా అని. తిరోధానం అంటే మాయమవడం. ఆ లెక్కన తిరోగమనం అంటే చాటుకు పోవడమవ్వాలి.

బస్సు సిద్ధాంతి: మాటలెందుకు సార్, విషయం సింపుల్. మన బస్సు పక్క బస్సును దాటేటప్పుడు అది వెనక్కి పోతున్నట్టుంటుంది. భూమి సెకనుకి 30 కిలోమీటర్లు, కుజుడు 24. మనం దాటేస్తాం, అది వెనక్కి పోతుంది. ఓ రాత్రి మేడెక్కి కూర్చుంటే అందరూ తూర్పు నుంచి పడమరకి వెళ్తుంటే కుజుడొక్కడే ఎదురు రావడం కనిపిస్తుంది.

ఒంగోలు మేడ: బస్సు వరకూ మీరన్నది నిజమే. చివరి వాక్యం మాత్రం తలకిందులు. పెద్దవాళ్ళకి ఇది చెప్పడం కష్టమయ్యేదే అక్కడ. పిల్లలు ఒప్పేసుకుంటారు, పెద్దవాళ్ళు మేడెక్కి చూసి "ఏం లేదే" అని దిగిపోతారు.

ఒక్క రాత్రిలో కుజుడు కూడా అందరిలాగే తూర్పున పొడిచి పడమట కుంకుతాడు. వక్రంలో ఉన్నా అంతే. తేడా ఏమిటంటే, మామూలు రోజుల్లో పక్క చుక్కలతో పోలిస్తే రోజుకి కాస్త తూర్పుకి జరుగుతాడు, వక్రంలో పడమరకి. అంటే వక్రంలో ఉన్నప్పుడు వాడు చుక్కలకి ఎదురు రాడు, వాటికంటే ఓ పిసరు ముందే పరిగెడతాడు. అందుకే "వెనక్కి" అనే మాట వినగానే జనం తప్పు దిక్కు చూస్తారు. వక్రంలో మహా వేగంగా ఉన్నప్పుడు కూడా ఆ జరుగుడు రోజుకి నిండు చందమామ వెడల్పు కంటే తక్కువే. రాత్రంతా కూర్చున్నా తెలియదు, వారం ఆగి చూడాలి.

ఆ విడత నేను నోటుబుక్కులో రాసుకున్నవి ఇవి. కొలత చెయ్యి చాచి పట్టుకున్న వేళ్ళే. పిడికిలి సుమారు 10 డిగ్రీలు, మధ్య మూడు వేళ్ళు 5, బొటనవేలు 2. కొలిచింది పునర్వసు జంటలో కాస్త ఎక్కువ మెరిసే చుక్క నుంచి.

డిసెంబరు 10, రాత్రి 11 దాటాక. తూర్పున ఎర్రగా ఉన్నాడు. పిడికిలి, మీద రెండు వేళ్ళు.
డిసెంబరు 28. పిడికిలి కంటే కాస్త తక్కువ. దగ్గరికొస్తున్నాడు.
జనవరి 17. చంద్రుడి వెలుగుకి చిన్న చుక్కలన్నీ పోయాయి. అయినా తెలిసింది: జంట చుక్కలు రెండూ, వాడూ ఒకే గీతమీద. దారం పట్టి చూశాను.
జనవరి 22. బొటనవేలి కంటే కాస్త ఎక్కువ. గీత తప్పాడు.
ఫిబ్రవరి 3. అవతలి వైపు మూడు వేళ్ళు.
ఫిబ్రవరి 24, రాత్రి 8. దాదాపు నడినెత్తిన. పిడికిలికి తక్కువ. దానికి ముందు వారం, తర్వాత వారం నా వేళ్ళకి తేడానే దొరకలేదు.

ఆ చివరిదే వక్రత్యాగం. పంచాంగం రోజు చెప్పేస్తుంది, మన కంటికి మాత్రం రెండు వారాలు కదలకుండా నిలబడ్డట్టే.

ప్రూఫ్ చూసే పని నాది: మరి వంకర ఎక్కడుంది? ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకెళ్ళాడు. తిన్నగానే ఉందిగా.

ఒంగోలు మేడ: ఒకే గీతమీద వచ్చి పోతే మీరన్నది సరే. కానీ డిసెంబరు మొదట్లో మలుపు తిరిగినప్పుడు పుష్యమి దగ్గరున్న చుక్కల గుంపుకి ఉత్తరంగా ఓ బొటనవేలంత ఎడంలో ఉన్నాడు. తిరిగి అక్కడికొచ్చింది మే 4 ప్రాంతంలో. అప్పుడు సరిగ్గా ఆ గుంపులోంచే వెళ్ళాడు. మా టౌనులో గుంపు కంటికి ఆనదు. చీరాల దగ్గర బీచికి వెళ్తే పొగమరకలా కనిపించింది, అందులో వీడు. వచ్చిన దారి వేరు, పోయిన దారి వేరు. మన కక్ష్యా వాడి కక్ష్యా ఒకే పళ్ళెంలో లేవు, కాస్త ఏటవాలుగా ఉన్నాయి, అందుకని. నోటుబుక్కులో చుక్కలు కలిపితే తిన్నటి గీత రాదు, వంపు వస్తుంది. అందుకే "వక్రించాడు" అన్నవాడు ఆకాశం చూసి అన్నాడనుకుంటాను.

బస్సు సిద్ధాంతి: రాత్రంతా చూస్తే అన్నది తప్పే, ఒప్పుకుంటున్నా. నేనెప్పుడూ చూళ్ళేదు. కానీ బస్సు కాకుండా ఎలా చెప్తారు?

ఒంగోలు మేడ: మైదానంలో ఇద్దర్ని నడిపిస్తాను. మధ్యలో కర్ర సూర్యుడు. దాని చుట్టూ ఒకరు 4 అడుగుల దూరంలో, ఇంకొకరు 6 అడుగుల దూరంలో. లోపలాయన చుట్టు 12 లెక్కల్లో పూర్తి కావాలి, బయటాయనది 22 లేదా 23లో. లోపలాయన చేత్తో బయటాయన్నే చూపిస్తూ నడవాలి. చెయ్యి చాలాసేపు ఒకే వైపు తిరుగుతుంది, దాటే ఘడియలో మాత్రం కాసేపు ఎదురు తిరుగుతుంది. ఒకసారి ఎవరికీ అది కనపడలేదు. కారణం, చెయ్యి ఎటుందో పక్కనున్న వేపచెట్టుతో చూసుకున్నారు. నడిచేకొద్దీ దగ్గర చెట్టు కనపడే దిక్కే మారిపోతుంది, దూరంగా ఉన్న సెల్‌టవర్లతో చూడాలి.

రిటైర్డ్ సంస్కృతం పంతులు: ఆ దాటే ఘడియలోనే కుజుడు మనకి బాగా దగ్గర. అప్పుడే బాగా మెరుస్తాడు కదా? అలాంటివాణ్ణి "చాటుకు పోయాడు" అనే మాటతో చెప్పడం ఏం సబబు? కనపడకుండా పోవడానికి మూఢం అనే మాట ఉండనే ఉంది.

ఒంగోలు మేడ: అవునండీ, 2025 జనవరి 12న అతి దగ్గర, 16న సూర్యుడికి సరిగ్గా ఎదురు. సాయంత్రం పొడిచి తెల్లవార్లూ ఉన్నాడు.

అనంతపురం పిల్లోడు: తిరోగమనం పేపర్లలో అందరికీ అర్థమయ్యే మాట సార్, "దేశం తిరోగమనంలో ఉంది" అంటే ఎవరూ చాటుకు పోయిందనుకోరు. వాడుక గెలిచేసింది. నా డౌట్ వేరే. మా ఊళ్ళో వాగుని వంక అంటాం. ఆ వంకా, ఈ వక్రమూ ఒకటేనా?

రిటైర్డ్ సంస్కృతం పంతులు: ప్రాకృతంలో వక్రం "వంక" అయిన మాట నిజమే.

అనంతపురం పిల్లోడు: మరి వంగు, వంచు తెలుగువే కదా? వాటికీ వంకకీ చుట్టరికం లేదంటారా?

రిటైర్డ్ సంస్కృతం పంతులు: లేదని అనలేను. ఉందనీ అనలేను.

ప్రూఫ్ చూసే పని నాది: "వక్రించాడు" తిరిగి పెట్టాను. సంపాదకులు పక్కన ప్రశ్నార్థకం వేసి పంపారు. ఒంగోలు గారూ, మీ నోటుబుక్కు పేజీ ఫొటో ఒకటి పంపిస్తారా, జతచేస్తాను.

సిరి వాళ్ళ అమ్మ: కుజుడు మళ్ళీ ఎప్పుడు వక్రిస్తాడండీ?

ఒంగోలు మేడ: 2027 జనవరి 10న మొదలై ఏప్రిల్ 1 దాకా అమ్మా. మఖ నక్షత్రం చుట్టుపక్కల. డిసెంబరు నుంచే కొలవడం మొదలుపెట్టాలి, లేకపోతే మలుపు దొరకదు.