నాయన పాలసీలో వయసు తప్పు పడింది, క్లెయిమ్ పూర్తిగా వస్తుందా?

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాయన పోయిన నెల గుండెపోటుతో చనిపోయాడు. 2018లో 2 లక్షల బీమా పాలసీ తీసుకున్నాడు. ఆధార్‌లో అంచనాగా వేసిన పుట్టిన తేదీ చూసి ఏజెంటు 45 ఏళ్లని రాశాడు. ఇప్పుడు బీరువాలో ఏడో తరగతి టీసీ దొరికింది, దాని ప్రకారం అప్పటికే 49. దాచమన్నవాళ్లూ ఉన్నారు గానీ మనసొప్పక క్లెయిమ్ ఫారంతో పాటు ఇచ్చేశాం.

మూడేళ్లు దాటిన పాలసీని బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం తిరగదోడకూడదు. కానీ సరైన వయసును బట్టి లెక్క సవరించుకోవడానికి అదే సెక్షన్ ఒప్పుకుంటుందట. మేం ఏడాదికి 9,000 కట్టాం, 49 ఏళ్లకైతే 10,000 పడేదట. ఆ నిష్పత్తిలో 1,80,000 ఇస్తామంటున్నారు. తగ్గిన ప్రీమియం వడ్డీతో పట్టుకుని మిగతాది ఇవ్వమని అడగొచ్చా? అది పాలసీ బాండులో ఎక్కడ రాసి ఉంటుంది? ఇలా ఎవరికైనా జరిగితే చెప్పండి.