ఫోన్ రెండర్‌లో స్క్రీన్: సీన్‌లోనే వెలిగించాలా, తర్వాత పెట్టాలా?

కీర్తన_బెజవాడ
పాల డెలివరీ యాప్ కోసం బ్లెండర్‌లో ఫోన్ రెండర్ చేస్తున్నా. సైకిల్స్, 128 శాంపిల్స్, డీనాయిజర్ ఆన్. సాఫ్ట్‌బాక్స్ తెల్లగా స్క్రీన్ మీద పడుతోంది, స్క్రీన్‌లో తెలుపేమో బూడిద రంగులో వస్తోంది, తెలుగు అక్షరాలు గీతల్లా కనిపిస్తున్నాయి. క్లయింట్ మెరుపు అస్సలు వద్దు, ప్రతి అక్షరం చదవగలగాలి అంటున్నారు. స్క్రీన్ సీన్‌లోనే రెండర్ చేయాలా, ఫోటోషాప్‌లో తర్వాత పెట్టాలా?

స్టూడియో_మాస్టారు
అమ్మా, నేను పద్దెనిమిదేళ్లు ప్రొడక్ట్ ఫోటోలు తీశాను. మెరుపు అంటే లైట్ తప్పు చోట ఉందని అర్థం, అంతే. లైట్ ఏ కోణంలో గ్లాస్ మీద పడుతుందో అదే కోణంలో వెనక్కి వస్తుంది, ఆ దారిలో కెమెరా లేకపోతే మెరుపు లేదు. సాఫ్ట్‌బాక్స్‌ని పక్కకి జరిపి పైకెత్తు, కెమెరాకి పోలరైజర్ పెట్టు, అయిపోయింది. ఫోటోషాప్ దాకా ఎందుకు.

ధనుష్_3డి
మాస్టారూ సైకిల్స్‌లో పోలరైజేషన్ అనేదే లేదు, ఏ ఫిల్టర్ పెడతారు? కీర్తనా, లైట్ జరిపితే ఫోన్ అంచు మీద మెటల్ మెరుపు కూడా పోతుంది, ఆ అంచు మెరుపు వల్లే ఫోన్ ఫోన్‌లా కనిపించేది. లైట్ అక్కడే ఉంచి, ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్‌లో `Ray Visibility` కింద `Glossy` తీసేస్తే వెలుతురు పడుతుంది కానీ ఏ రిఫ్లెక్షన్‌లోనూ లైట్ కనబడదు. కాకపోతే ఇది మొత్తం సీన్‌కి వర్తిస్తుంది, అంచు మీద గీత కూడా పోతుంది. అందుకని రెండు లైట్లు పెట్టుకో, ఒకటి వెలుతురుకి (గ్లాసీ ఆఫ్), ఇంకొకటి సన్నగా పొడుగ్గా అంచు కోసం, ఆ సన్నది స్క్రీన్‌లో పడని కోణంలో ఉండాలి.

ఇక బూడిద రంగు సంగతి. 4.0 నుంచి డిఫాల్ట్ `AgX`, దానికి ముందు ఫిల్మిక్. రెండూ కెమెరా ఫిల్మ్‌లాగా ప్రకాశాన్ని అణిచి చూపిస్తాయి, ఎమిషన్ 1.0 తెల్ల స్క్రీన్ ఇస్తే తెలుపుగా రాదు. స్ట్రెంగ్త్ పెంచావా, తెలుపు వస్తుంది కానీ యాప్‌లో ఆకుపచ్చ బటన్ వెలిసిపోతుంది. తెలుపూ బటన్ రంగూ రెండూ సరిగ్గా వచ్చే స్ట్రెంగ్త్ ఏదీ లేదు, నేను రెండు రాత్రులు వెతికి వదిలేశా. `Standard` పెడితే స్క్రీన్ బాగుంటుంది, ఫోన్ బాడీ ప్లాస్టిక్ బొమ్మలా తేలిపోతుంది. అందుకే స్క్రీన్ తర్వాత పెట్టడమే.

చంటి_విశాఖ
నేను డైరెక్ట్‌గా సీన్‌లోనే చేస్తా, ఏ గొడవా రాలేదు.

నాగేంద్ర_డీటీపీ
మిగతాది నాకు తెలియదు గానీ అక్షరాలు గీతల్లా రావడం మాత్రం ఫాంట్ సమస్య. 2000 సంవత్సరం నుంచి డీటీపీ చేస్తున్నా, అను ఫాంట్లలో టైప్ చేసిన పెళ్లి కార్డు ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిపి వస్తాయి. ఒకసారి ఆరు వందల కార్డులు అలాగే ప్రింట్ అయిపోయాయి, డబ్బు నా జేబులోంచే పోయింది, ఆ ప్రెస్ వాళ్లు ఇప్పటికీ తప్పు నాదే అంటారు. యూనికోడ్‌లో టైప్ చేయండి అని చెప్పి చెప్పి నోరు నొప్పి.

ధనుష్_3డి
నాగేంద్ర గారూ మీ కేసు వేరు, కీర్తన యాప్ స్క్రీన్ యూనికోడే అయి ఉంటుంది.

నాగేంద్ర_డీటీపీ
"అయి ఉంటుంది" అంటే చూశారా? చూడకుండా ఎలా చెప్తారు? నేనూ ఆ రోజు అలాగే అనుకున్నా.

లావణ్య_యూఐ
ఇద్దరూ ఆగండి, చూస్తే తెలిసిపోతుంది. కీర్తనా, స్క్రీన్‌కి వాడిన పీఎన్‌జీని విడిగా 100 శాతంలో తెరువు. అందులోనే ఒత్తులు విడిపోయి, క పక్కన పొల్లు, ఆ పక్కన ష విడిగా కనిపిస్తే అది టైప్ చేసిన చోట వచ్చిన తప్పు, పాత ఫోటోషాప్ అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లో `World-Ready Layout` పెట్టి కొత్త ఫైల్‌లో మళ్లీ టైప్ చేయాలి. పీఎన్‌జీలో శుభ్రంగా ఉండి రెండర్‌లోనే పాడైతే అది డీనాయిజర్ లేదా సైజు. ఈ రెండు జబ్బులకి మందు ఒకటి కాదు.

కీర్తన_బెజవాడ
చూశాను అక్కా, పీఎన్‌జీలో బాగానే ఉంది. 1080×2400 ఎక్స్‌పోర్ట్. రెండర్‌లోనే పోతోంది. డీనాయిజర్ ఆఫ్ చేస్తే కొంచెం మెరుగు కానీ చుక్కలు చుక్కలు.

ధనుష్_3డి
ఫైనల్ ఇమేజ్‌లో ఫోన్ ఎత్తు ఎన్ని పిక్సెల్స్?

కీర్తన_బెజవాడ
సుమారు 600. వెబ్‌సైట్ బ్యానర్.

ధనుష్_3డి
మరి ఇంకేం. లావణ్య గారి డిజైన్‌లో ఐటమ్ పేర్లు 14 ఎస్పీ అనుకుందాం, 1080 వెడల్పులో అది దాదాపు 37 పిక్సెల్స్, 2400 కాస్తా 600 అయితే నాలుగో వంతు, అంటే 9 పిక్సెల్స్. ఇంగ్లీషు అక్షరం 9 పిక్సెల్స్‌లో ఎలాగో చదవొచ్చు. తెలుగుకి పైన గుడి, కింద ఒత్తు, మధ్యలో అక్షరం, మూడు అంతస్తులు ఆ తొమ్మిదిలోనే సర్దాలి, "నెయ్యి"లో య కింద ఒత్తు ఒక మరకలా మిగులుతుంది. డీనాయిజర్ ఆ మరకని కూడా చెరిపేస్తుంది. ఫోటోషాప్‌లో పెట్టినా ఈ 9 పిక్సెల్స్ 9గానే ఉంటాయి, గుర్తుపెట్టుకో. బ్యానర్ కోసం వేరే స్క్రీన్ చేయి, 22 ఎస్పీ, నాలుగే లైన్లు, అప్పుడు 14 పిక్సెల్స్ దాటుతుంది.

స్క్రీన్ పెట్టే పద్ధతి: స్క్రీన్‌ని పూర్తి నలుపుగా, గ్లాస్ రిఫ్లెక్షన్‌తో రెండర్ చెయ్. పీఎన్‌జీగా సేవ్ చేసి, యాప్ స్క్రీన్‌ని నాలుగు మూలలకి పర్‌స్పెక్టివ్‌లో సర్ది, లేయర్ మోడ్ `Screen` పెట్టు. నలుపు మీద యాప్ రంగులు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి, రిఫ్లెక్షన్ ఉన్నచోట దానితో కలుస్తాయి. `AgX` స్క్రీన్‌ని ముట్టుకోదు, డీనాయిజర్ ముట్టుకోదు.

స్టూడియో_మాస్టారు
ఇది మేం ఫోటోల్లో చేసిందే బాబూ! స్క్రీన్ ఆఫ్ చేసి లైట్లతో ఒక ఎక్స్‌పోజర్, లైట్లు ఆఫ్ చేసి స్క్రీన్‌తో ఒకటి, తర్వాత రెండూ కలపడం. ఎల్‌సీడీ ఫోన్‌కైతే పోలరైజర్ తిప్పితే స్క్రీన్ నల్లగా అయిపోయేది కూడా, అది నాకు మొదటిసారి అర్థం కాక ఫోన్ పాడైందనుకున్నా. కానీ రిఫ్లెక్షన్ అస్సలు ఉండకూడదు. క్లయింట్ చెప్పారు కదా.

కీర్తన_బెజవాడ
నల్లగా రెండర్ చేస్తే టేబుల్ మీద స్క్రీన్ వెలుగు పడదు కదా అన్నా? నాది చీకటి సీన్, పాల గ్లాసు మీద ఆ వెలుగు కావాలి.

ధనుష్_3డి
లైట్ పాత్ నోడ్‌లో `Is Camera Ray`. కెమెరాకి నలుపు, మిగతా అన్నిటికీ ఎమిషన్.

కీర్తన_బెజవాడ
పెట్టాను, పని చేయట్లేదు, కెమెరాకి కూడా వెలుగుతోంది.

ధనుష్_3డి
స్క్రీన్ ముందు విడిగా గ్లాస్ ముక్క ఉందా? ఉంటే అదే కారణం. గ్లాస్ షేడర్‌లోంచి దూరాక ఆ కిరణం కెమెరా కిరణం కాదు, ట్రాన్స్‌మిషన్ కిరణం అయిపోతుంది, నోడ్‌కి అది సున్నా. ఆ గ్లాస్ తీసేసి, స్క్రీన్ ప్లేన్ మీదే ఎమిషన్‌కి గ్లాసీ కలిపి మిక్స్‌కి ఫ్రెనెల్ ఇవ్వు, ఐఓఆర్ 1.5. ఎదురుగా చూస్తే 4 శాతం రిఫ్లెక్షన్, పక్క నుంచి చూస్తే పెరుగుతుంది, నిజం గ్లాస్ లాగే. మాస్టారూ, ఈ నాలుగు శాతం కూడా తీసేస్తే స్క్రీన్ కాగితం అతికించినట్టు ఉంటుంది. పై మూలలో అక్షరాలు లేని చోట ఒక పల్చటి గ్రేడియెంట్ వదలండి. క్లయింట్ "మెరుపు వద్దు" అన్నది అక్షరాల మీద పడే తెల్ల డబ్బా గురించి.

స్టూడియో_మాస్టారు
క్లయింట్ మాటకి అర్థం నువ్వు చెప్తావా? అస్సలు వద్దు అంటే అస్సలు వద్దనే. నేను ఇలాగే "కొంచెం ఉంటే అందం" అని వదిలితే ఒక కంపెనీ వాళ్లు మొత్తం షూట్ డబ్బు ఆపేశారు.

లావణ్య_యూఐ
మెరుపు సంగతి తర్వాత. ఆ స్క్రీన్‌లో ఏముందో ఎవరూ చదవలేదు. కీర్తన పెట్టిన ఇమేజ్ చూడండి: పాలు 2 × 34, పెరుగు 40, నెయ్యి 160, మొత్తం 258 అని ఉంది. 268 రావాలి. పైన "సోమవారం, 15 ఆగస్టు 2025". ఆ రోజు శుక్రవారం. ఆండ్రాయిడ్ ఫోన్ మీద 9:41.

చంటి_విశాఖ
9:41 తప్పనిసరి కదా అక్కా, అందరూ అదే పెడతారు.

లావణ్య_యూఐ
అది ఆపిల్ వాళ్ల అలవాటు, తప్పనిసరి ఎవరు చేశారు. తప్పేం కాదు గానీ కిందనే నోటిఫికేషన్ "10:05కి ఆర్డర్ వచ్చింది" అని ఉంటే అప్పుడు తప్పు. ఇంకో సంగతి, పేమెంట్ పేజీలో క్యూఆర్ కోడ్ ఏదో వెబ్‌సైట్ నుంచి తీసుకొచ్చారు, నా ఫోన్‌తో స్కాన్ చేస్తే ఎవరిదో ఖాతా తెరుచుకుంది. అది వెంటనే తీసేయ్.

కీర్తన_బెజవాడ
అమ్మో, అది ఇమేజ్ సెర్చ్‌లో దొరికింది, బొమ్మే అనుకున్నా. తీసేస్తున్నా.

ధనుష్_3డి
పెద్ద అక్షరాలతో నాలుగు లైన్ల స్క్రీన్ చేస్తే ఈ లెక్కలన్నీ కూడా తగ్గిపోతాయి, క్యూఆర్ పేజీ అవసరమే లేదు.

లావణ్య_యూఐ
అక్కడే నాకు కాలుతుంది. 14 ఎస్పీ, ఏడు లైన్లు అని మూడు వారాలు జనం చేత వాడించి చూసి నిర్ణయించింది మేము. మీరు బ్యానర్ కోసం 22 చేసి లైన్లు తీసేసి, అందమైన స్క్రీన్ పెడతారు. కొన్నవాడు యాప్ తెరిస్తే అది కాదు. పోయినసారి ఇలాగే రెండర్‌లో తెలుగు ఇంటర్‌ఫేస్ పెట్టారు, యాప్‌లో అప్పటికి ఇంగ్లీషే ఉంది. ఆ ఫిర్యాదులు చదివింది నేను, రెండర్ చేసినాయన కాదు.

ధనుష్_3డి
బ్యానర్‌లో ఒత్తు మరకలా కనిపిస్తే దాన్ని పిచ్చి అక్షరాలు అని నన్నంటారు. పైగా చదవలేని నిజం స్క్రీన్ ఎవరికి పనికొస్తుంది?

లావణ్య_యూఐ
చదవలేకపోతే ఫోన్ పెద్దగా చూపించండి. యాప్‌ని మార్చకండి. 600 పిక్సెల్స్ ఎత్తులో మొత్తం ఫోన్ చూపించాలని ఎవరు చెప్పారు, కార్ట్ ఉన్న సగం భాగమే ఫ్రేమ్‌లోకి తెచ్చి ఫోన్‌ని కోసేయండి. అదే 14 ఎస్పీ రెండింతలు అవుతుంది.

ధనుష్_3డి
అది బ్యానర్‌కి బాగుంటుంది, ఒప్పుకుంటా. ప్లే స్టోర్ ఐకాన్ పక్కన చిన్న ఇమేజ్‌కి పనికిరాదు, అక్కడ ఫోన్ మొత్తం కనబడాలి.

నాగేంద్ర_డీటీపీ
చిన్న సైజులో తెలుగు అంటే ఫాంట్ ఎంపిక కూడా చూడాలి, సన్నటి గీతల ఫాంట్ అయితే ఎంత చేసినా పోతుంది.

కీర్తన_బెజవాడ
గ్లాస్ తీసేశాక నోడ్ పని చేసింది, పాల గ్లాసు మీద వెలుగు బాగా పడుతోంది. ఫోన్‌ని సగం కోసిన ఫ్రేమ్, లావణ్య అక్క అసలు స్క్రీన్ మార్చకుండా, మొత్తం 268, శుక్రవారం. "నెయ్యి"లో ఒత్తు కనిపిస్తోంది. పై మూలలో గ్రేడియెంట్ ఉన్నదీ లేనిదీ రెండూ పంపాను, మాస్టారు గారు చెప్పినట్టు లేనిది ముందు పెట్టాను. స్టోర్ కోసం చిన్న ఇమేజ్ మాత్రం ఇంకా చేయలేదు.

లావణ్య_యూఐ
చిన్నదానికి స్క్రీన్ మారిస్తే, ఏది మార్చారో నాకు ఫైల్ పంపు. మా టీమ్ ఒప్పుకుంటేనే పెట్టు.

ధనుష్_3డి
ప్రతి బ్యానర్‌కీ అనుమతి అంటే డెడ్‌లైన్లు మర్చిపోవాలి.